రెండు మందులూ పనిచేయలేదంటే: మొండి డిప్రెషన్‌లో మూడో మెట్టు

రెఫరల్ చీటీ మీద ఒక్క వాక్యమే ఉంటుంది: "రెండు మందులు వాడాం, గుణం లేదు." విశాఖలో ఓపీ చూసే సైకియాట్రిస్టు దగ్గరికి అనకాపల్లి నుంచి, గాజువాక నుంచి, భీమిలి నుంచి ఇలాంటి చీటీలు వస్తూనే ఉంటాయి. పుస్తకాల్లో ఈ వాక్యానికి ఒక పేరుంది: చికిత్సకు లొంగని డిప్రెషన్. రెండు వేర్వేరు మందులు, తగిన మోతాదులో, తగినన్ని వారాలు వాడినా జబ్బు తగ్గకపోతే ఆ పేరు పెడతారు. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పే మెట్ల పటాన్ని మార్గదర్శకాల వెనక అనుబంధంగా జతచేస్తారు. మా విభాగం కోసం అలాంటి అనుబంధం రాసే పని నా మీద పడింది. రాస్తుంటే తెలిసింది, చదివేవాళ్లు పొరబడేది మందుల పేర్ల దగ్గర కాదు, ఆ పేర్ల పక్కన ఉండే గ్రేడు దగ్గర. "ఉన్నత", "మధ్యమ", "అల్ప" అన్న మాటలు చూడగానే మందు బలాన్ని చెబుతున్నాయని అనుకుంటాం. నిజానికి అవి చెప్పేది మందు బలం గురించి కాదు, మన దగ్గరున్న సాక్ష్యం బలం గురించి. ఈ రెంటికీ ఉన్న తేడాను ఒక రోగి వెంట నడుస్తూ చూద్దాం.

రోగిని కల్పించుకుంటాను. పేరు నూకాలమ్మ, వయసు 48. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంలో చేపలు కొని, గంపకెత్తుకుని వీధుల్లో అమ్ముతుంది. తొమ్మిది నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, వేలానికి వెళ్లాలనిపించడం లేదు. "బుర్ర బరువెక్కిపోతంది బాబూ, సేపల వాసనే పడట్లేదు" అంటుంది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫినాక్ కొనుక్కుంటుంది. ఈ రెండు వివరాలూ గుర్తుంచుకోండి, కథ వీటి దగ్గరే మలుపు తిరుగుతుంది.

పటంలో మొదటి గడి మందులది కాదు. చీటీలో రాసింది నిజమేనా అని తేల్చుకునే గడి అది. మొదట ఎస్సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు, ఎనిమిది వారాలు. కూతురు దగ్గరుండి వేసింది. దీన్ని లెక్కలో వేసుకోవచ్చు. రెండోది సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములు, ఐదు వారాలని చీటీలో ఉంది. సంచిలోంచి స్ట్రిప్పులు తీయించి చూస్తే, కొన్న 20 మాత్రల్లో ఇంకా 6 మిగిలున్నాయి. ఐదు వారాలకు 35 మాత్రలు కావాలి, ఆమె మింగినవి 14. పైగా 50 అనేది ఆ మందుకు కింది మోతాదు. కాబట్టి సెర్ట్రలిన్ పనిచేయలేదని అనలేం, దాన్ని ఇంకా సరిగ్గా వాడి చూడనేలేదు. "మందు వేసుకుంటున్నారా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "ఎన్ని స్ట్రిప్పులు కొన్నారు, ఎన్ని మిగిలాయి?" అని అడిగితేనే అసలు లెక్క బయటికొస్తుంది.

అదే గడిలో ఇంకో రెండు పనులున్నాయి. థైరాయిడ్, బి12, చక్కెర, హిమోగ్లోబిన్ చూడటం ఒకటి. ఈమెకు సోడియం కూడా చూడాలి, ఎందుకంటే సెర్ట్రలిన్ జాతి మందులకు బీపీ మాత్రలోని థయజైడ్ తోడైతే రక్తంలో సోడియం పడిపోవచ్చు. అలా పడిపోతే వచ్చే నీరసం, మందకొడితనం అచ్చం డిప్రెషన్ ముదిరినట్టే ఉంటాయి. రెండో పని బైపోలార్ జబ్బు కాదని రూఢి చేసుకోవడం. దీన్ని రోగినే కాదు, ఇంట్లో వాళ్లనూ అడగాలి. జీవితంలో ఎప్పుడైనా వరుసగా నాలుగైదు రోజులు రెండు గంటల నిద్రతోనే హుషారుగా తిరిగిందా, అతిగా మాట్లాడిందా, అప్పు చేసి ఖర్చు పెట్టిందా? నూకాలమ్మ కూతురు లేదంది. తాగుడు గురించి కూడా ఇక్కడే అడగాలి, ఆడవాళ్లను అడగడం మర్యాద కాదనుకుని వదిలేయకూడదు.

సెర్ట్రలిన్‌ను 100కి, తర్వాత 150కి పెంచి ఆరు వారాలు కూతురి చేత వేయించారు. తెలుగు పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో డిప్రెషన్ తీవ్రత స్కోరు 21 నుంచి 14కి వచ్చింది. మూడో వంతు తగ్గింది. సగం తగ్గితే స్పందన అంటారు, 5 కంటే తక్కువైతే జబ్బు సద్దుమణిగిందంటారు. ఈమె రెండింటికీ చేరలేదు. రెండు సరైన ప్రయత్నాలు పూర్తయ్యాయి కాబట్టి ఇప్పుడు ఆమె నిజంగా మూడో మెట్టు మీద ఉంది.

కలపడమా, మార్చడమా

మందు అసలేమీ చేయకపోతేనో, దాని ఇబ్బంది భరించలేకపోతేనో మార్చాలి. కొంత మేలు చేసి ఆగిపోతే, ఉన్నదాన్ని ఉంచి దానికి తోడుగా ఇంకొకటి కలపాలి. ఇంగ్లీషులో ఆగ్మెంటేషన్ అనేది దీన్నే. నూకాలమ్మకు వచ్చిన ఆ ఏడు పాయింట్లను వదులుకోవడం తెలివైన పని కాదు కాబట్టి కలపాలి. అయితే తిండీ నీళ్లూ మానేసినవారు, లేని గొంతులు వినిపించేవారు, ప్రాణం తీసుకోవాలని పథకం వేసుకున్నవారు ఈ మెట్లన్నీ ఎక్కాల్సిన పనిలేదు. వాళ్లకు పటంలో పక్కగా నేరుగా ఈసీటీకి, అంటే మెదడుకు విద్యుత్తు ఇచ్చే చికిత్సకు, దారి ఉంది. మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. కాబట్టి ఆ దారి పెట్టేటప్పుడు మత్తు డాక్టరున్న ఆసుపత్రి పేరు కూడా పటంలోనే రాయాలి.

కలపడానికి జాబితా పెద్దదే. నేను రెండింటి దగ్గరే ఆగుతాను, అరిపిప్రజోల్, లిథియం. గ్రేడు అంటే ఏమిటో ఈ రెండూ పక్కపక్కన నిలబడితే బాగా కనబడుతుంది.

గ్రేడు వేసే పద్ధతి ఇది. లాటరీ పద్ధతిలో రోగులను రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్షలుంటే సాక్ష్యం "ఉన్నత" స్థాయిలో మొదలవుతుంది. ఆపైన ఐదు ప్రశ్నలు వేస్తారు. పరీక్ష పక్షపాతం లేకుండా జరిగిందా? పరీక్షలన్నీ ఒకే మాట చెబుతున్నాయా? పరీక్షలో ఉన్న రోగులు, వాళ్లు వాడిన మందులు మన రోగికి పోలుతున్నాయా? మనుషుల సంఖ్య సరిపోయిందా? నచ్చని ఫలితాలు అచ్చుకాకుండా ఉండిపోయాయా? దేనికి జవాబు బాగా లేకపోయినా ఒక మెట్టు దిగుతుంది.

లిథియంతో మొదలుపెడదాం. దాన్ని డిప్రెషన్ మందుకు కలపవచ్చని 1981లో ద మాంటినీ బృందం చూపించింది. తర్వాత ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి చేసిన పరీక్షలు చిన్నవి, అన్నీ కలిపినా కొన్ని వందల మందే. చాలావాటిలో రోగులు వాడుతున్నది పాత ట్రైసైక్లిక్ మందులు. నూకాలమ్మ వాడేది సెర్ట్రలిన్. అంటే మనుషుల సంఖ్య దగ్గర ఒక మెట్టు, మన రోగికి పోలడం దగ్గర ఒక మెట్టు, మొత్తం రెండు మెట్లు దిగి "అల్ప" దగ్గర ఆగుతుంది. కానీ ఆ చిన్న పరీక్షల్లో కనబడిన లాభం మాత్రం పెద్దది: సుమారు ఐదుగురికి కలిపితే ఒకరు అదనంగా కోలుకున్నారు.

అరిపిప్రజోల్ వైపు చూస్తే, అది చెందిన కొత్త తరం యాంటీసైకోటిక్ మందుల మీద 16 పరీక్షలను, 3,480 మంది రోగులను కలిపి 2009లో లెక్క తేల్చారు. వాళ్లు వాడుతున్నవి ఇప్పటి మందులే. ఫలితాలు ఒకే దిక్కుగా ఉన్నాయి. చాలా పరీక్షలకు కంపెనీలే డబ్బు పెట్టాయి, ఎక్కువ భాగం కొన్ని వారాల్లోనే ముగిశాయి; అందుకని నేను ఒక మెట్టు దింపి "మధ్యమ" అని రాశాను. లాభం మాత్రం చిన్నదే: తొమ్మిది మందికి కలిపితే ఒకరు అదనంగా. 2017లో అమెరికాలో 1,522 మంది మాజీ సైనికులపై జరిగిన పరీక్షలో పన్నెండు వారాలకు జబ్బు సద్దుమణిగినవారు, మందును బుప్రోపియాన్‌కు మార్చినవారిలో నూటికి 22.3, అరిపిప్రజోల్ కలిపినవారిలో 28.9. తేడా 6.6. దాన్ని తిరగేస్తే పదిహేను మందికి ఒకరు.

ఇక్కడే చదివేవాళ్లు తడబడతారు. లిథియం గ్రేడు తక్కువ, కనబడే లాభం ఎక్కువ. అరిపిప్రజోల్ గ్రేడు ఎక్కువ, లాభం తక్కువ. లాభం చిన్నదేగానీ అది నిజమని మనకు బాగా తెలుసు. లిథియం లాభం పెద్దదిగా కనిపిస్తోందిగానీ, రేపు పెద్ద పరీక్ష వస్తే కుంచించుకుపోవచ్చు. కుంచించుకుపోయిన గుర్తులు ఇప్పటికే ఉన్నాయి కూడా. అమెరికాలో జరిగిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనం మూడో మెట్టులో లిథియం కలిపిన 69 మందిలో నూటికి 15.9 మందికే జబ్బు సద్దుమణిగింది. థైరాయిడ్ హార్మోను టీ3 కలిపిన 73 మందిలో 24.7. ఆ తేడా గణాంకాల ప్రకారం నిలబడేది కాదు, అయినా లిథియం పట్ల పాత ఉత్సాహానికి అది చల్లటి నీరు. 2023లో అరవై ఏళ్లు దాటినవారిపై జరిగిన ఆప్టిమమ్ పరీక్షలోనూ లిథియం 18.9 దగ్గరే ఆగింది.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణ కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర అది రోజూ జరుగుతుంది. నిద్ర రావడం లేదని సెర్ట్రలిన్‌కు మిర్టాజపైన్ కలపడం అలవాటైపోయింది. 2018లో బ్రిటన్‌లో 480 మందిపై చేసిన పరీక్షలో అలా కలిపినందువల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఆ సాక్ష్యం గ్రేడు బాగానే ఉంది. కాకపోతే అది బాగా రూఢి చేసేది, మేలు పెద్దగా లేదన్న సంగతిని. గ్రేడు ఒక్కటే అచ్చువేసి, పక్కన లాభం ఎంతో రాయకపోతే చదివినవాళ్లు దాన్ని సిఫారసు అనుకుంటారు. అందుకే అనుబంధంలో ప్రతి మందు ఎదుటా రెండు గళ్లు పెట్టాను: "ఎంత నమ్మకం", "ఎంత లాభం".

మందు కాని ఆగ్మెంటేషన్ కూడా ఒకటుంది, దాన్ని జాబితా అడుగున పెట్టడం నాకు ఇష్టం లేదు. 2013లో బ్రిటన్‌లో మందులకు లొంగని 469 మందిలో కొందరికి ఉన్న చికిత్సతో పాటు సీబీటీ, అంటే ఆలోచనల, అలవాట్ల తీరును మార్చే మాటల చికిత్స, ఇస్తే, ఆరు నెలలకు స్పందించినవారు నూటికి 46, ఇవ్వనివారిలో 22. రోగికీ చికిత్సకుడికీ ఏది ఇస్తున్నారో తెలిసిపోయే పరీక్ష కాబట్టి ఒక మెట్టు దింపాలి. దింపినా మిగతావాటికి తీసిపోదు. తెలుగులో, అందులోనూ ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడుతూ సీబీటీ చేయగలిగినవాళ్లు దొరకడమే కష్టం. దొరికితే మూడో మెట్టు మీదే మొదలుపెట్టాలి.

నూకాలమ్మకు ఏది

లిథియం ఎందుకు ముందుగా ఇవ్వలేదో చెబుతాను. మూత్రపిండం లిథియంను సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో సోడియం తగ్గితే, దాన్ని వెనక్కి పట్టుకునే పనిలో లిథియంను కూడా పట్టేసుకుంటుంది. నూకాలమ్మ బీపీ మాత్రలో ఉన్న రెండు మందులూ, మోకాళ్లకు వేసుకునే డైక్లోఫినాకూ లిథియం స్థాయిని పెంచేవే. వీటికి మే నెలలో హార్బర్‌లో కారే చెమట తోడవుతుంది. కాగితం మీద లిథియం లాభం ఎంతున్నా, ఈ మూడింటినీ సరిచేయకుండా ఈమెకు ఇవ్వడం తప్పు. అరిపిప్రజోల్‌కు ఈ గొడవ లేదు. బరువు, నడుము కొలత, చక్కెర, కొలెస్ట్రాల్ చూసి మొదలుపెట్టవచ్చు.

2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 5 చేశారు. రెండో వారం చివర కూతురు ఫోన్ చేసింది: "అమ్మ కూర్చోలేకపోతందండి డాక్టర్ గారూ, గదిలో అటూ ఇటూ తిరుగుతానే ఉంది, రాత్రి నిద్ర లేదు. ఆందోళన ఎక్కువైంది, మందు పెంచుతారా?" స్కోరు 14 నుంచి 17కి ఎక్కింది. ఈ మందుతో జరిగే అతి సాధారణమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. డిప్రెషన్ ముదిరిందనుకుని మోతాదు పెంచితే బాధ రెట్టింపవుతుంది. ఇది అకతీసియా, మందు వల్ల కాళ్లలో పుట్టే నిలకడలేనితనం. గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: "మనసు ఆగట్లేదా, కాళ్లు ఆగట్లేదా?" నూకాలమ్మ జవాబు తడుముకోకుండా వచ్చింది: "కాళ్లే బాబూ. లోపల ఏటో పాకుతున్నట్టుంటాది, నడిస్తే గాని కుదుటపడదు." పీహెచ్‌క్యూలో పెరిగిన మూడు పాయింట్లూ నిద్ర, కుదురులేనితనం ప్రశ్నల దగ్గరే పెరిగాయి; దిగులు, ఆసక్తి అన్నవి కదల్లేదు. మొత్తం అంకె చూసి నిర్ణయం తీసుకోకుండా ఏ ప్రశ్న దగ్గర మారిందో చూడాలనడానికి ఇదే కారణం.

మోతాదును 2కి తగ్గించారు. ఆస్తమా లేదని నిర్ధారించుకుని కొన్నాళ్లు ప్రొప్రనొలాల్ ఇచ్చారు. కాళ్లు కుదుటపడ్డాయి. ఆరు వారాలకు స్కోరు 11. మేలే గానీ, ఇంకో మోతాదు పెంచే దారి మూసుకుపోయింది. ఒక మాట: ఆమె వాడేది సెర్ట్రలిన్ కాకుండా ఫ్లుఆక్సెటిన్, పెరాక్సెటిన్ లాంటిదైతే, అవి కాలేయంలో అరిపిప్రజోల్ కరిగే దారిని గట్టిగా అడ్డుకుంటాయి, అప్పుడు మోతాదు విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు అరిపిప్రజోల్ ఆపి లిథియం వంతు. ముందుగా ఫిజీషియన్‌తో మాట్లాడి బీపీ మాత్రను ఆమ్లోడిపిన్‌కు మార్పించి, రెండు వారాలు బీపీ నిలకడగా ఉందని చూసుకున్నారు. డైక్లోఫినాక్ బదులు పారాసిటమాల్. క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం, ఈసీజీ చూశారు. పొద్దున 300, రాత్రి 300 మిల్లీగ్రాములు. వారం తర్వాత రక్తంలో స్థాయి 1.02 వచ్చింది. మనం కోరేది లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్. అంకె చూసి కంగారుపడి మోతాదు తగ్గించేముందు అడగాల్సింది: "ఆ రోజు పొద్దున మాత్ర వేసుకునే వచ్చారా?" ఏడింటికి మాత్ర వేసుకుంది, పదింటికి రక్తం ఇచ్చింది. అది మూడు గంటల స్థాయి, అప్పుడే మింగిన మాత్ర శిఖరం. కొలవాల్సింది చివరి మాత్రకు పన్నెండు గంటల తర్వాత. రాత్రి 8కి మాత్ర వేసుకుని, పొద్దున 8కి మాత్ర లేకుండా మళ్లీ ఇస్తే 0.61 వచ్చింది. మళ్లీ ఈ తికమక రాకుండా రెండు మాత్రలనూ రాత్రికే మార్చారు. అలా మార్చినప్పుడు మోతాదు అదే అయినా పన్నెండు గంటల స్థాయి కాస్త పెరుగుతుంది, కాబట్టి ఇంకో వారానికి మళ్లీ చూశారు: 0.70.

ఆ స్థాయిలో నాలుగు వారాలు ఉంచాకే పనిచేసిందా లేదా అని తేల్చాలి. మూడో వారానికి వేలానికి వెళ్లడం మొదలుపెట్టింది. నాలుగో వారం స్కోరు 7, ఎనిమిదో వారం 4.

ఎంతకాలం వాడాలి అన్నదానికి సాక్ష్యం చిన్నదే, కానీ మాట స్పష్టంగా ఉంది. లిథియం కలిపాక కోలుకున్న 29 మందిని 2000లో అచ్చయిన పరీక్షలో రెండు జట్లు చేశారు. నాలుగు నెలల్లో లిథియం కొనసాగించిన 14 మందిలో ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. ప్లాసిబోకు మార్చిన 15 మందిలో 7 మందికి తిరగబెట్టింది. మనుషులు తక్కువ కాబట్టి గ్రేడు దిగుతుంది. అయినా కోలుకున్న వెంటనే ఆపకూడదన్న సిఫారసును నేను గట్టిగానే రాశాను: కనీసం ఏడాది. అల్ప సాక్ష్యం మీద గట్టి సిఫారసు ఉండవచ్చా అని తోటివాళ్లు అడిగారు. తిరగబెడితే పోయేది ఎంతో, మందు కొనసాగిస్తే పడే శ్రమ ఎంతో తూచి చూసినప్పుడు ఉండవచ్చు. సిఫారసు బలాన్ని సాక్ష్యం గ్రేడుతో పాటు ఈ తూకం కూడా నిర్ణయిస్తుంది. ఆత్మహత్యలను లిథియం ఆపుతుందన్న మాటను మాత్రం అనుబంధంలో తగ్గించి రాశాను. పాత విశ్లేషణలు ఆశ చూపించాయి గానీ, 519 మందిపై నడిచిన అమెరికన్ పరీక్షను ప్రయోజనం కనబడటం లేదని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితం 2022లో అచ్చయింది.

నూకాలమ్మ సంచిలో ఇప్పుడొక అట్ట ముక్క ఉంటుంది. మెడికల్ షాపులో మందు కొనేముందు చూపించమని కూతురికి చెప్పారు: "లిథియం వాడుతున్నారు. నొప్పికి డైక్లోఫినాక్, బ్రూఫెన్ ఇవ్వకండి." దాని వెనక ఇంట్లోవాళ్ల కోసం రాసింది: వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, చేతులు పెద్దగా వణికినా, నడక తూలినా, మాట ముద్దయినా మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి రావాలి. ఉప్పు చేపలు ఒక్కసారిగా మానెయ్యొద్దు, ఒక్కసారిగా పెంచొద్దు. ఎండాకాలంలో హార్బర్‌కు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా వెంట ఉండాలి. అట్టకు అడుగున తర్వాతి రక్తపరీక్ష తేదీ ఉంది, మూడు నెలలకు, దాని పక్కన కూతురు తన చేత్తో రాసుకుంది, "రాత్రి 8కి మాత్ర, పొద్దున 8కి రక్తం."